లక్ష గీతకు అటూ ఇటూ

మూత్రం కల్చర్ రిపోర్టు చేతికి రాగానే మన కళ్లు రెండే చోట్ల ఆగుతాయి. ఒకటి సూక్ష్మజీవి పేరు, రెండోది దాని పక్కనున్న అంకె. అంకె లక్షో అంతకన్నా ఎక్కువో ఉంటే ఇన్ఫెక్షన్ ఉందంటారు, యాంటీబయాటిక్ మొదలవుతుంది. తక్కువుంటే ‘చెప్పుకోదగ్గ పెరుగుదల లేదు’ అన్న ఒక్క వాక్యంతో రిపోర్టు ముగుస్తుంది. మూత్రానికి వెళ్లిన ప్రతిసారీ మంటతో అల్లాడుతున్న మనిషి ఆ వాక్యం చదువుకుని, నా బాధ నిజం కాదా అనుకుంటుంది. మరో ఇంట్లో ఏ బాధా లేని పెద్దాయన, రిపోర్టులో లక్ష కనబడిందని వారం రోజులు మందులు మింగుతాడు. ఇద్దరికీ జరిగింది ఒకే రకం పొరపాటు. అంకెను చదివారు తప్ప, అది ఎలా పుట్టిందో ఎవరూ చూడలేదు.

లెక్క ఎందుకు అవసరమైందో ముందు చెప్పుకోవాలి. ఆరోగ్యంగా ఉన్న మనిషి మూత్రాశయంలో మూత్రం దాదాపుగా శుభ్రంగానే ఉంటుంది. అది బయటికి వచ్చే దారి మాత్రం శుభ్రమైనది కాదు. మూత్రనాళం చివర, దాని చుట్టూ ఉన్న చర్మం మీద, స్త్రీలలో యోని ద్వారం దగ్గర రకరకాల సూక్ష్మజీవులు ఎప్పుడూ ఉంటాయి. ఎంత జాగ్రత్తగా పట్టినా కొన్ని డబ్బాలోకి రాక మానవు. కాబట్టి కల్చర్ ప్లేటు మీద ఏదో ఒకటి మొలిచినంత మాత్రాన అది జబ్బు అనలేం. ఆ మొలిచినవి లోపలి నుంచి వచ్చాయా, దారిలో కలిశాయా అన్నది తేల్చాలి.

ఒకప్పుడు దీనికి దొరికిన దారి రబ్బరు గొట్టం. దారిలోని క్రిములు కలవకుండా నేరుగా మూత్రాశయంలోకి కాథెటర్ పెట్టి మూత్రం తీసేవారు. పరీక్షకు అది బాగానే పనికొచ్చేది కానీ, ఆ గొట్టమే బయటి క్రిములను లోపలికి తోసి, లేని ఇన్ఫెక్షన్‌ను తెచ్చిపెట్టేది. 1950ల మధ్యలో బోస్టన్ సిటీ హాస్పిటల్‌లో ఎడ్వర్డ్ కాస్ అనే వైద్యుడు ఈ ప్రశ్నను మరో వైపు నుంచి పట్టుకున్నాడు. క్రిములు ఉన్నాయా లేవా అని కాకుండా, ఒక మిల్లీలీటరు మూత్రంలో ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టాడు. కిడ్నీకి ఇన్ఫెక్షన్ పాకి, జ్వరం, నడుం పక్క నొప్పితో వచ్చిన స్త్రీల మూత్రాన్ని, ఏ బాధా లేని స్త్రీల మూత్రంతో పోల్చాడు. లెక్కలు రెండు గుంపులుగా విడిపోయాయి. కిడ్నీ ఇన్ఫెక్షన్ ఉన్నవాళ్లలో అత్యధికులకు మిల్లీలీటరుకు లక్ష, అంతకు పైనే ఉన్నాయి. దారిలో కలిసిన క్రిములైతే ఎక్కువగా వేలల్లోనే ఆగిపోయాయి. రెండు గుంపుల మధ్య ఖాళీలో ఆయన గీసిన గీతే లక్ష. 1956, 1957 సంవత్సరాల్లో ఆయన ఈ ఫలితాలు ప్రచురించాడు. అప్పటి నుంచి ప్రపంచమంతా అదే గీత.

లోపల క్రిములు లక్షలకు ఎందుకు చేరతాయంటే, మూత్రం వాటికి మంచి ఆహారం. మూత్రాశయం వాటిని ఒంటి వేడిలో గంటల తరబడి నిలవ ఉంచుతుంది. రాత్రంతా లోపలే ఉన్న మూత్రంలో క్రిములు రెట్టింపు మీద రెట్టింపు అవుతూ లక్షలు, కోట్లకు చేరుకుంటాయి. దారిలో అప్పటికప్పుడు కలిసిన క్రిములకు ఆ వ్యవధి దొరకదు. కాస్ లెక్క అంతా ఈ వ్యవధి మీదే నిలబడింది. ఆయన ఇంకొక మాట కూడా జాగ్రత్తగా చెప్పాడు. ఏ లక్షణాలూ లేని స్త్రీలో ఒక్కసారి లక్ష కనబడితే అది నిజమని సుమారు 80 శాతం మాత్రమే నమ్మవచ్చు. మళ్లీ పట్టిన మూత్రంలోనూ అదే క్రిమి, అదే లెక్క వస్తే నమ్మకం దాదాపు 95 శాతానికి చేరుతుంది. గీత లోకమంతా పాకింది కానీ, దాని వెంటే ఉండాల్సిన ఈ షరతు చాలా చోట్ల రాలిపోయింది.

కాస్ పద్ధతిలో మూత్రాన్ని పలుచన మీద పలుచన చేస్తూ, కరిగించిన అగార్‌లో కలిపి ప్లేట్లలో పోయాలి. రోజుకు వంద నమూనాలు వచ్చే ల్యాబ్‌లో అది జరిగే పని కాదు. అందుకే 1960లో పాల్ హోప్రిచ్ చూపిన పద్ధతి నిలిచిపోయింది. పలుచన చేయడం మానేసి, కొలత తెలిసిన చిన్న తీగ చుట్టుతో మూత్రాన్ని నేరుగా ప్లేటు మీద గీయడమే ఆ పద్ధతి. ఆ తీగనే ల్యాబ్‌లో క్యాలిబ్రేటెడ్ లూప్ అంటాం. ప్లాటినం తీగో నైక్రోమ్ తీగో, చివర గుండ్రంగా చుట్టి ఉంటుంది. మూత్రంలో ముంచి తీస్తే ఆ చుట్టులో పలుచని పొరలా కొంత ద్రవం నిలుస్తుంది. చుట్టు లోపలి వెడల్పు సుమారు ఒకటిన్నర మిల్లీమీటర్లయితే అందులో నిలిచేది ఒక మైక్రోలీటరు, అంటే మిల్లీలీటరులో వెయ్యో వంతు. ఇంకాస్త పెద్ద చుట్టైతే పది మైక్రోలీటర్లు, అంటే వందో వంతు. ఇప్పుడు ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ లూప్‌లూ వస్తున్నాయి. మూత్రం కల్చర్‌కు ఎక్కువగా వాడేవి ఈ రెండు కొలతల లూప్‌లే.

చేసే పని చూడటానికి నిమిషం పట్టదు. డబ్బాను నురగ రాకుండా నెమ్మదిగా తిప్పి మూత్రాన్ని కలపాలి, నిలవ ఉంటే క్రిములు అడుగుకు దిగుతాయి కాబట్టి. తీగ లూప్‌ను మంటలో ఎర్రగా కాల్చి, చల్లారనివ్వాలి. వేడి లూప్‌ను ముంచితే మూత్రం చిటపటలాడి, క్రిములు అక్కడే చస్తాయి. లూప్‌ను నిట్టనిలువుగా పట్టుకుని, చుట్టు మునిగేంత వరకే ముంచి, నిలువుగానే పైకి తీయాలి. చుట్టులో బుడగ లేకుండా పొర నిండుగా ఉందో లేదో చూసుకోవాలి. ప్లేటు మధ్యలో పై నుంచి కిందికి ఒక గీత గీసి, లూప్‌ను మళ్లీ కాల్చకుండానే, ఆ గీతకు అడ్డంగా ప్లేటంతా దగ్గరదగ్గరగా గీయాలి. మామూలు కల్చర్‌లో కాలనీలు విడివిడిగా రావాలని ప్రతి దశకూ లూప్ కాలుస్తాం. ఇక్కడ కాలిస్తే లెక్క పోతుంది. చుట్టులో నిలిచిన మూత్రమంతా ప్లేటు మీదికి చేరాలి. తర్వాత ప్లేటును 35–37 డిగ్రీల వేడిలో 18 నుంచి 24 గంటలు ఉంచుతాం.

మర్నాడు ప్లేటు మీద కనిపించే ఒక్కో చుక్కా ఒక్కో కాలనీ. ఒంటరిగానో, రెండు మూడు అంటుకునో పడిన క్రిమి రాత్రికి రాత్రి లక్షలుగా పెరిగి, కంటికి కనబడేంత గుట్ట కట్టింది. ఒక మైక్రోలీటరు లూప్ వాడితే కాలనీల సంఖ్యను వెయ్యితో, పది మైక్రోలీటర్ల లూప్ వాడితే వందతో హెచ్చవేయాలి. రిపోర్టులో సీఎఫ్‌యూ అని కనబడేది ఈ లెక్కే, అంటే మిల్లీలీటరులో కాలనీ కట్టగల క్రిములు ఎన్ని అన్నది. చిన్న లూప్‌తో గీసిన ప్లేటు మీద 100 కాలనీలుంటే మిల్లీలీటరుకు లక్ష. అంతకన్నా ఎక్కువైతే ఒకదానిలో ఒకటి కలిసిపోయి ఎంచడం కుదరదు కనుక ‘లక్షకు పైగా’ అని రాసి ఆపేస్తాం. ఆ ‘లక్షకు పైగా’లో రెండు లక్షలూ ఉండొచ్చు, పది కోట్లూ ఉండొచ్చు.

లూప్ కొలత మీద కొంచెం ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే తప్పులు ఎక్కువగా దూరేది ఇక్కడే. లూప్‌ను ఏటవాలుగా పట్టుకుంటే చుట్టు బయటా కాడ మీదా అదనంగా మూత్రం అంటుకుని వస్తుంది. సన్నటి గొట్టంలోంచి తీస్తే ఒక కొలత, వెడల్పు డబ్బాలోంచి తీస్తే ఇంకో కొలత పడుతుంది. రోజూ మంటలో కాలే తీగ నెలలు గడిచేకొద్దీ వంకరపోతుంది, మసి పేరుకుంటుంది, చుట్టు కోడిగుడ్డు ఆకారంలోకి సాగుతుంది. కంటికి అదే లూప్, కొలత మాత్రం అదే కాదు. దీన్ని పట్టుకోవడానికి ఒక తేలిక పద్ధతి ఉంది. ఇవాన్స్ బ్లూ అనే నీలం రంగు ద్రావణాన్ని చిన్న లూప్‌తో పదిసార్లు తీసి, పది మిల్లీలీటర్ల నీళ్లలో కలపాలి. లూప్ సరైనదైతే రంగు సరిగ్గా వెయ్యి వంతులు పలుచనవుతుంది. పిపెట్‌తో కొలిచి వెయ్యి వంతులు పలుచన చేసిన రంగుతో దీన్ని కలరీమీటర్‌లో పోల్చితే, ఎంత తేడా ఉందో తెలిసిపోతుంది. 20 శాతం అటూ ఇటూ ఉంటే సర్దుకోవచ్చు. అంతకు మించితే ఆ తీగను తీసెయ్యాలి. ఈ పరీక్షను క్రమం తప్పకుండా చేసి, ఫలితాన్ని రిజిస్టర్‌లో రాసి ఉంచే ల్యాబ్ అంకెను నేను నమ్ముతాను.

కొలత సరిగ్గా ఉన్నా ఒక పరిమితి మిగిలే ఉంటుంది. అన్నం ఉడికిందో లేదో తెలుసుకోవడానికి ఒక మెతుకు పట్టి చూస్తే చాలు, గిన్నెలో మెతుకులన్నీ ఒకేలా ఉడుకుతాయి కనుక. క్రిములు లక్షల్లో ఉన్నప్పుడు మూత్రం కూడా అంతే, ఏ చుక్క తీసినా అదే సంగతి చెబుతుంది. క్రిములు తక్కువున్నప్పుడు మాత్రం చుక్కకూ చుక్కకూ పోలిక ఉండదు. మిల్లీలీటరుకు వెయ్యి క్రిములున్న మూత్రాన్నే తీసుకోండి. అందులోంచి ఒక మైక్రోలీటరు తీస్తే సగటున ఒక క్రిమి రావాలి. సగటున ఒకటి అంటే కొన్నిసార్లు రెండు మూడు వస్తాయి, కొన్నిసార్లు ఏమీ రాదు. గణితం లెక్కకడితే, అదే మూత్రాన్ని వంద ప్లేట్ల మీద గీస్తే సుమారు 37 ప్లేట్లు ఖాళీగా మిగులుతాయి. టెక్నీషియన్ ఏ తప్పూ చేయకపోయినా సరే. మిల్లీలీటరుకు వంద క్రిములే ఉంటే, పది ప్లేట్లలో దాదాపు తొమ్మిది ఖాళీ. అదే వెయ్యి క్రిముల మూత్రాన్ని పది మైక్రోలీటర్ల లూప్‌తో గీస్తే సగటున పది కాలనీలు వస్తాయి, ప్లేటు ఖాళీగా మిగలడమన్నది దాదాపు జరగదు.

కాబట్టి చిన్న లూప్ మాత్రమే వాడే ల్యాబ్‌లో ‘పెరుగుదల లేదు’ అంటే క్రిములు లేవని కాదు. ఆ లూప్‌కు అందేంత లేవని. లక్ష గీతను మాత్రమే చూసే పనికి చిన్న లూప్ చాలు. అంతకన్నా తక్కువ లెక్కలకు విలువ ఉన్న రోగుల దగ్గర అది చాలదు. అలాంటి రోగులు ఉన్నారా అన్న ప్రశ్నకు జవాబు 1982లో వచ్చింది.

అమెరికాలోని సియాటెల్‌లో వాల్టర్ స్టామ్, ఆయన సహచరులు కాస్ చూడని రోగులను చూశారు. కాస్ రోగుల్లో కొందరికి జబ్బు కిడ్నీ దాకా పాకింది, మిగతావాళ్లకు అసలు బాధే లేదు. స్టామ్ చూసినవాళ్లు మూత్రంలో హఠాత్తుగా మంట మొదలై, మాటిమాటికీ మూత్రానికి పరుగెత్తే యువతులు. మన క్లినిక్‌లకు రోజూ వచ్చేదీ ఎక్కువగా వీళ్లే. వీళ్లకు మామూలుగా పట్టిన మూత్రంతో పాటు, దారిలోని క్రిములు కలవకుండా నేరుగా మూత్రాశయం నుంచి తీసిన మూత్రాన్ని కూడా పరీక్షించి, రెండూ పోల్చారు. మూత్రాశయంలో ఈ.కోలై వంటి పేగు క్రిములు నిజంగా ఉన్న స్త్రీలలో, పట్టిన మూత్రంలో లెక్క లక్షకు చేరింది సుమారు సగం మందికే. లక్ష గీతను పట్టుకుంటే మిగతా సగం మందికి జబ్బు లేదని చెప్పి పంపేయాలి. గీతను మిల్లీలీటరుకు వందకు దించితే 95 శాతం మంది దొరికారు. జబ్బు లేనివాళ్లను లేనివాళ్లుగా గుర్తించడం కూడా 85 శాతం దాకా నిలిచింది.

వీళ్లలో లెక్క తగ్గడానికి కారణం కాస్ లెక్కలోనే ఉంది. మంట పుట్టినవాళ్లు అరగంటకోసారి వెళ్లి వస్తారు. ఇంట్లోవాళ్లు బార్లీ నీళ్లు, మజ్జిగ, కొబ్బరినీళ్లు తాగిస్తారు. మూత్రం పలుచనవుతుంది, లోపల నిలిచే వ్యవధి పోతుంది. క్రిములకు లక్షలకు చేరే సమయమే దొరకదు. ఒక డోసు యాంటీబయాటిక్ మందుల షాపులో కొని మింగి వస్తే లెక్క ఇంకా పడిపోతుంది.

ఒక ఉదాహరణను ప్లేటు దాకా తీసుకెళ్లి చూద్దాం. ఇరవయ్యారేళ్ల స్త్రీ. రెండు రోజులుగా మంట, జ్వరం లేదు, గర్భం లేదు, ఏ మందూ వేసుకోలేదు. పొద్దున్నుంచి రెండు లీటర్ల నీళ్లు తాగి, పదకొండు గంటలకు మూత్రం ఇచ్చింది. మైక్రోస్కోప్ కింద చీము కణాలు నిండుగా ఉన్నాయి. చిన్న లూప్ ప్లేటు మీద మర్నాడు 4 కాలనీలు. పెద్ద లూప్ ప్లేటు మీద 52 కాలనీలు, అన్నీ ఒకే రకం. సాధారణంగా మూత్రానికి వాడే క్లెడ్ అగార్ మీద పసుపు రంగులో ఉన్నాయి, అంటే లాక్టోజ్ చక్కెరను పులియబెట్టేవి. పరీక్షలు చేస్తే ఈ.కోలై అని తేలింది. లెక్క కడితే చిన్న లూప్ 4,000 అంటుంది, పెద్దది 5,200. రెండూ ఒకే సంగతి చెబుతున్నాయి. నాలుగు కాలనీల మీద కట్టిన లెక్క అటూ ఇటూ బాగా ఊగుతుంది, యాభై రెండింటి మీద కట్టిన లెక్క కాస్త కుదురుగా నిలబడుతుంది, అంతే తేడా. లక్ష గీత ప్రకారం ఇది ‘చెప్పుకోదగ్గది కాదు’. నా దృష్టిలో ఇది మూత్రాశయ ఇన్ఫెక్షనే. లక్షణాలున్నాయి, చీము కణాలున్నాయి, పెరిగింది ఒకే ఒక్క క్రిమి, అదీ ఈ జబ్బుకు అందరికన్నా ముందుండే క్రిమి. దీన్ని అంకెతో, పేరుతో సహా రాసి, ఏ మందుకు లొంగుతుందో పరీక్షించి పంపాలి.

ఆ 52 కాలనీల స్థానంలో నాలుగు రకాలు కలిసి పెరిగి ఉంటే తీర్పు మారిపోయేది. దారిలోని క్రిములు గుంపుగా వస్తాయి, ఇన్ఫెక్షన్ ఎక్కువగా ఒక్క క్రిమితో, కొన్నిసార్లు రెండింటితో వస్తుంది. మూడు, అంతకన్నా ఎక్కువ రకాలు కనబడితే, లెక్క లక్ష దాటినా సరే, పట్టడంలో కలిశాయని అనుమానించి మళ్లీ పట్టమని రాస్తాం. పైపుతో ఉన్నవాళ్లు ఇందుకు మినహాయింపు, వాళ్లలో నిజంగానే పలు క్రిములు చేరతాయి. పేరు కూడా ముఖ్యమే. 2013లో అమెరికాలో థామస్ హూటన్ బృందం ఇలాంటి స్త్రీలలోనే మళ్లీ పోల్చి చూసింది. పట్టిన మూత్రంలో ఈ.కోలై కొద్దిగా కనబడినా, నూటికి 93 సందర్భాల్లో అది మూత్రాశయంలోనూ దొరికింది. ఎంటెరోకాకస్, గ్రూప్ బి స్ట్రెప్టోకాకస్ అనే క్రిములు మాత్రం డబ్బాలో కనబడినా లోపల చాలా అరుదుగా దొరికాయి. ఒకే అంకె, వేరే పేరు, వేరే అర్థం.

ఇంతవరకూ లెక్క తగ్గి మోసం చేసిన సంగతి. లెక్క పెరిగి మోసం చేయడం మన దగ్గర ఇంకా సులభం. మూత్రం ఒకసారి డబ్బాలో పడ్డాక, దారిలో కలిసిన క్రిములకూ ఆ దొరకని వ్యవధి దొరుకుతుంది. మే నెలలో మన ఊళ్లలో ఎండ నలభై దాటుతుంది, కలెక్షన్ సెంటర్ బల్ల మీది డబ్బా ఇంక్యుబేటర్‌లో ఉన్నట్టే. మిల్లీలీటరుకు 2,000 క్రిములు కలిశాయనుకోండి, అరగంటకోసారి రెట్టింపు అవుతున్నాయనుకోండి. గంటకు 8,000, రెండు గంటలకు 32,000, మూడు గంటలకు 1,28,000. బైక్ మీద నమూనాలు తీసుకెళ్లే అబ్బాయి మధ్యాహ్నం భోజనం చేసి వచ్చేలోపు, ఏ జబ్బూ లేని మనిషి లక్ష గీత దాటేసింది. రిపోర్టులో అంతా పద్ధతిగానే కనబడుతుంది. క్రిమి ఒకటే, లెక్క లక్షకు పైగా. ఈ తప్పును పట్టుకునే ఆనవాళ్లు రెండే. మైక్రోస్కోప్ కింద చీము కణాలు లేకపోవడం, పట్టిన సమయానికీ ల్యాబ్‌కు చేరిన సమయానికీ మధ్య వ్యవధి.

అందుకే మూత్రం పట్టిన గంట, మహా అయితే రెండు గంటల్లో ప్లేటు మీదికి చేరాలి. చేరదనుకుంటే వెంటనే ఫ్రిజ్‌లో పెట్టాలి. నాలుగు డిగ్రీల చలిలో క్రిములు పెరగవు, 24 గంటల దాకా లెక్క నిలుస్తుంది. బోరిక్ యాసిడ్ వేసిన గొట్టాలు కూడా ఇందుకే ఉన్నాయి. వాటిని గీత దాకా నింపాలి. సగమే నింపితే మందు గాఢత పెరిగి, నిజమైన క్రిములు కూడా చస్తాయి. పట్టేటప్పుడు మొదటి ధారను వదిలేసి, మధ్య ధారను డబ్బాలో పట్టాలని అందరికీ చెబుతాం. మొదటి ధార మూత్రనాళం చివరనున్న క్రిములను కడుక్కుపోతుంది. స్త్రీలు పెదవులను వేళ్లతో విడదీసి పట్టుకుని పట్టాలి. డబ్బా లోపలి అంచును వేలు తాకకూడదు. కౌంటర్ దగ్గర నలుగురి ముందు సిగ్గుపడి ఈ మాట చెప్పకుండా డబ్బా చేతికిచ్చేయడం వల్ల, ‘కలిసిపోయింది, మళ్లీ పట్టండి’ అనే రిపోర్టులు ఎన్నో పుడుతున్నాయి.

ఇప్పుడు ఆ పెద్దాయన దగ్గరికి వద్దాం. డెబ్భై ఏళ్లు, షుగర్ ఉంది, కంటి శుక్లం ఆపరేషన్‌కు ముందు అన్ని పరీక్షలతో పాటు మూత్రం కల్చర్ కూడా రాశారు. మంట లేదు, జ్వరం లేదు. రిపోర్టులో క్లెబ్సియెల్లా, లక్షకు పైగా. అంకె నిజమే కావచ్చు. వయసు మీద పడిన వాళ్లలో, షుగర్ ఉన్నవాళ్లలో ఏ బాధా పెట్టకుండా మూత్రంలో క్రిములు కాపురం ఉండటం మామూలే. అమెరికాలోని ఇన్‌ఫెక్షియస్ డిసీజెస్ సొసైటీ 2005లో, మళ్లీ 2019లో ఇచ్చిన మార్గదర్శకాలు ఈ విషయంలో స్పష్టంగా ఉన్నాయి. లక్షణాలు లేకపోతే పెద్దవాళ్లకు, షుగర్ రోగులకు, మూత్రం పైపు ఉన్నవాళ్లకు ఈ క్రిముల కోసం వెతకనూ వద్దు, కనబడినా మందు ఇవ్వనూ వద్దు. ఇస్తే వాళ్లకు మేలు జరగలేదు, మందులకు లొంగని క్రిములు మాత్రం మిగిలాయి. కంటి ఆపరేషన్‌కు ఈ లక్షతో సంబంధం లేదు. ప్రోస్టేట్ లాంటి చోట, మూత్రమార్గం లోపలి పొర చీరుకుని రక్తం వచ్చే ఆపరేషన్‌కు మాత్రం ఉంది. అక్కడ ముందుగా వెతికి, కనబడితే మందు ఇవ్వాలి.

లక్షణాలు లేకపోయినా లక్ష గీతకు నిజమైన విలువ ఉన్న ఇంకొక చోటు గర్భిణి. గర్భంలో మూత్రం కిందికి జారే గొట్టాలు వదులై, క్రిములు కిడ్నీ దాకా ఎక్కడం సులభమవుతుంది. ఏ బాధా లేకుండా క్రిములున్న గర్భిణులకు మందు ఇవ్వకపోతే, వాళ్లలో చెప్పుకోదగ్గ మందికి నెలలు నిండేలోపు కిడ్నీ ఇన్ఫెక్షన్ వస్తుందని కాస్ కాలంలోనే తెలిసింది. అందుకే గర్భం తొలి నెలల్లో ఒకసారి కల్చర్ చేయడం, లక్ష ఉంటే బాధ లేకున్నా మందు ఇవ్వడం పద్ధతి. ఆ లక్షను కూడా వీలైతే రెండోసారి పట్టి నిర్ధారించుకోవడం మంచిది.

పసిపిల్లల సంగతి మళ్లీ వేరు. అడగ్గానే మూత్రం పోయలేరు కనుక అతికించే సంచీ పెడతారు. చర్మం మీది క్రిములన్నీ ఆ సంచీలోకి దిగుతాయి. సంచీ మూత్రంలో ఏమీ పెరగకపోతే ఇన్ఫెక్షన్ లేదని నమ్మవచ్చు. లక్ష పెరిగితే మాత్రం దాన్ని బట్టి మందు మొదలుపెట్టకూడదు. సన్నటి పైపుతో గానీ, బొడ్డు కింద సూదితో గానీ మళ్లీ తీయాలి. అలా తీసిన మూత్రంలో, రెండు నెలల నుంచి రెండేళ్ల లోపు పిల్లలకు అమెరికా పిల్లల వైద్యుల అకాడమీ 2011లో పెట్టిన గీత 50,000. దాంతో పాటు చీము కణాలు గానీ, మూత్రంలో క్రిములు కనబడటం గానీ ఉండాలన్నది వాళ్ల షరతు. బొడ్డు కింద సూదితో నేరుగా మూత్రాశయం నుంచి తీసిన మూత్రంలోనైతే కొన్ని పేగు క్రిములు పెరిగినా మేం తీసిపారేయం. అది దారిని తాకి రాలేదు.

ఇన్ని గీతల్లో ఏది వాడాలో ల్యాబ్‌లో కూర్చున్నవాళ్లకు తెలియాలంటే రిక్వెస్ట్ ఫారం మీద నాలుగు సంగతులు ఉండాలి. మంట, జ్వరం ఉన్నాయా లేవా, మూత్రం ఎలా పట్టారు, ఏ గంటకు పట్టారు, యాంటీబయాటిక్ మొదలైందా. గర్భిణి అయితే అదీ. ఈ ఫారాలు ఎక్కువగా పేరు, వయసుతోనే వస్తాయి. మిగతా గళ్లు ఖాళీ. ఆ ఖాళీ గడిలో ‘మంట, రెండు రోజులు’ అని ఎవరైనా రాస్తే, టెక్నీషియన్ చిన్న లూప్‌తో పాటు పది మైక్రోలీటర్ల లూప్ కూడా అందుకుంటుంది. ‘కాథెటర్ నుంచి’ అని రాస్తే, పలు రకాల క్రిములు కనబడగానే ప్లేటు పక్కన పడేయదు. ‘ఎనిమిది గంటలకు పట్టాం’ అని రాసి ఉండి, గోడ గడియారం పన్నెండు చూపిస్తుంటే, ఆ డబ్బా మూత తీయకుండానే కొత్త నమూనా కోసం ఫోన్ చేస్తుంది.